విరాళాల ఫిల్మ్: అడిగే మాట ముందు రాసుకోండి, కథ తర్వాత

ప్రశ్న: "విజయవాడలో ఒక చిన్న ట్రస్టులో పనిచేస్తున్నాను. విరాళాల కోసం మూడు నిమిషాల ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం, స్క్రిప్ట్ బాధ్యత నా మీద పడింది. ఒకే లబ్ధిదారు కథ చుట్టూ రాయమన్నారు. కథైతే రాయగలను గానీ, చివర డబ్బు అడిగే చోటికి వచ్చేసరికి అతికించినట్టు ఉంటోంది. అడుక్కున్నట్టు కాకుండా సూటిగా ఎలా అడగాలి?"

ఆ అతుకు కనపడేది చివర్లోనే గానీ, పడేది మొదట్లో. కథ రాసుకుంటూ పోయి, మిగిలిన పదిహేను సెకన్లలో డబ్బు అడుగుతాం. గుంటూరు, విజయవాడల్లో చిన్న సంస్థలకు పన్నెండేళ్లుగా ఇలాంటి ఫిల్ములు రాస్తున్నాను. మొదట్లో నేనూ అలాగే రాశాను. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, చాలా బాగుందని చెప్పి ఇంటికెళ్లిపోయారు. ఎంత ఇవ్వాలో, ఇస్తే ఏమవుతుందో వాళ్లకు మేం చెప్పనే లేదు. ఆ తర్వాత నుంచి అడిగే వాక్యం ముందు రాసుకుంటున్నాను. అది తేలేదాకా కెమెరా మాట ఎత్తను.

ఒక ఫిల్మ్ మొదటి నుంచి చివరిదాకా ఎలా రాశామో చెప్తాను, మీ ట్రస్టుకు అన్వయించుకోండి. గుంటూరులో మిర్చి సీజన్లో కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్లు వరసగా కింద కూర్చుని కాయలకు తొడిమలు తీస్తుంటారు. చంటిపిల్లలను ఇంట్లో చూసేవాళ్లు లేక చాలామంది పనికే తెచ్చుకుంటారు. ఆ ఘాటుకు పెద్దవాళ్లకే దగ్గు వస్తుంది. ఈ పిల్లల కోసం ఒక చిన్న సంస్థ దగ్గర్లోనే గది అద్దెకు తీసుకుని సంరక్షణ కేంద్రం నడుపుతోంది. ఫిల్మ్ ఆ కేంద్రం కోసం.

మొదటి రోజు సంస్థవాళ్ల దగ్గర కూర్చుని కథ అడగలేదు, లెక్కల పుస్తకం అడిగాను. ఇద్దరు ఆయాలకు నెలకు 24,000. గది అద్దె 8,000. పాలు, గుడ్డు, మధ్యాహ్నం అన్నం కలిపి ఒక బిడ్డకు రోజుకు 30 చొప్పున 25 మందికి, 26 రోజులకు 19,500. సబ్బులు, మందులు, కరెంటు, చాపలు 3,500. మొత్తం 55,000. పాతిక మందికి పంచితే ఒక బిడ్డకు నెలకు 2,200 రూపాయలు. పని ఎక్కువగా ఉండేది ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే నాలుగు నెలలకు 8,800. గదిలో చోటు పాతిక మందికి ఉంది, అప్పటికి చేతిలో ఉన్న డబ్బు పదిహేను మందికే సరిపోతుంది.

అక్కడికి అడిగే వాక్యం దొరికింది: "ఇంకా పది మంది పిల్లలకు చోటుంది, డబ్బు లేదు. ఒక బిడ్డకు సీజన్ మొత్తానికి 8,800 రూపాయలు. జనవరి 31 లోపు కావాలి." ఎంత, దేనికి, ఎప్పటికి అన్నవి మూడూ అందులో ఉన్నాయి. ఏ ఒక్కటి లేకపోయినా చూసినవాడు "తర్వాత చూద్దాంలే" అనుకుంటాడు. "మీకు తోచిన సాయం చేయండి" అన్న మాట వినయంగానే ఉంటుంది గానీ, ఎంత ఇవ్వాలో తేల్చుకునే బరువంతా దాత నెత్తిన పడేస్తుంది. ఆయనకు తోచేది చాలాసార్లు ఏమీ ఉండదు. అలాగే రోజుకు 85 రూపాయలేనని చెప్పాలనిపిస్తుంది. వద్దు. రోజుకు 85 ఎవరూ పంపరు. వాళ్లు ఫోన్లో కొట్టాల్సిన అంకె ఏదో అదే చెప్పండి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 2,200 అనేది సగటు లెక్క, వచ్చిన డబ్బంతా ఒకే ఖాతాలో పడి అందరికీ ఖర్చవుతుంది. కాబట్టి "మీ డబ్బు ఈ బాబుకే వెళ్తుంది" అని తెర మీద చెప్పకూడదు. "ఒక బిడ్డకు అయ్యే ఖర్చు ఇది" అనండి. తేడా చిన్నదే అనిపిస్తుంది. ఏడాది తర్వాత దాత ఫోన్ చేసి "నా బాబు ఎలా ఉన్నాడు?" అని అడిగినప్పుడు దాని బరువు తెలుస్తుంది.

ఇప్పుడు మనిషిని వెతకాలి. సంస్థవాళ్లు సాధారణంగా అందరికంటే ఎక్కువ కష్టాలు పడినవాళ్లను చూపిస్తారు. మనకు కావాల్సింది కష్టాల మొత్తం కాదు. మీరు అడిగే డబ్బు ఏ ఒక్క ఇబ్బందిని తీరుస్తుందో, ఆ ఇబ్బంది కంటికి కనపడే జీవితం కావాలి. అప్పులు, తాగే భర్త, కారే ఇల్లు అన్నీ నిజమే కావచ్చు. కానీ పిల్లల కేంద్రం వాటిని తీర్చదు. తీర్చలేని కష్టాన్ని కథలో పెడితే, చూసేవాడికి తానిచ్చే 8,800 సముద్రంలో చెంబుడు నీళ్లలా కనపడుతుంది.

మేం ఎంచుకున్న తల్లి పేరు ఇక్కడ రాయను. కెమెరా లేకుండా రెండు రోజులు అక్కడే తిరిగాను. మొదటి రోజు సాయంత్రం ఒకటి గమనించాను. పని అయిపోయాక బిడ్డ దగ్గరికి వచ్చింది, వాడు చేతులు చాచాడు. ఆమె వేళ్లు తగలకుండా రెండు మోచేతుల మధ్య వాణ్ని ఎత్తుకుంది. ముక్కు కారుతుంటే ముంజేతి వెనక వైపుతో తుడిచింది. ఎందుకలా అని అడిగితే, "పొద్దస్తమానం కాయలు పట్టుకుంటాం కదండీ, వట్టి నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఈ చేత్తో వాడి మొహం ముట్టుకుంటే గుక్కపెట్టి ఏడుస్తాడు" అంది.

కన్నబిడ్డ మొహాన్ని చేత్తో నిమరలేని తల్లి. ఫిల్మ్ అంతా ఆ చేతుల్లోనే ఉంది. మీరు రాసే దానికి కూడా ఇలాంటి ఒక పని, ఒక వస్తువు దొరకాలి. అది ఆఫీసులో కూర్చుంటే దొరకదు, ఇంటర్వ్యూలోనూ దొరకదు. వాళ్లకు అది అలవాటైపోయి ఉంటుంది కాబట్టి చెప్పాలని తట్టదు.

ఇంటర్వ్యూకు ముందే స్క్రిప్ట్ పూర్తిగా రాసి, ఆ మాటలు ఆమె చేత చెప్పించడం చాలాచోట్ల చూస్తాను. రెండో వాక్యానికే అది పాఠం అప్పజెప్పినట్టు వినపడుతుంది. నేను ముందు ఒక పేజీ మాత్రమే రాస్తాను: అడిగే వాక్యం, కనపడాల్సిన దృశ్యాలు, అడగాల్సిన ప్రశ్నలు. అసలు స్క్రిప్ట్ ఇంటర్వ్యూ తర్వాతే. "ట్రస్టు మీకు ఎలా సాయపడింది?" అని అడిగితే ఎవరైనా దండం పెట్టి "వాళ్లు దేవుళ్లండీ" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో చెప్పమ్మా" అని అడగండి. పాలు ఎన్నింటికి పట్టింది, ఆటో ఎవరితో ఎక్కింది, బిడ్డను ఎక్కడ పడుకోబెట్టింది అన్నీ వరసగా వస్తాయి. మన ప్రశ్న ఫిల్ములో వినపడదు కాబట్టి, జవాబు అవును, కాదు అని రాకుండా పూర్తి వాక్యంగా వచ్చేలా అడగాలి.

ఆమె యాభై నిమిషాలు మాట్లాడింది. ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి, పక్కన సమయం వేసుకున్నాను. ఎడిటింగ్‌కు ముందు కాగితం మీదే చేసే ఈ కూర్పును మా దగ్గర పేపర్ ఎడిట్ అంటారు. వాక్యాలను కత్తిరించి బల్ల మీద అటూ ఇటూ జరిపి చూడండి. తెలుగులో ఆగి ఆగి మాట్లాడే మనిషి నిమిషానికి తొంభై, వంద మాటలకు మించి చెప్పరు. మూడు నిమిషాల ఫిల్ములో బొమ్మ ఊపిరి పీల్చుకోవాలంటే మొత్తం మాటలు రెండు వందలు దాటకూడదు. మీ స్క్రిప్ట్ ఇప్పుడు నాలుగు వందల మాటలుంటే, అందులో చాలా భాగం ట్రస్టు గురించే అయ్యుంటుంది. ముందు దాన్నే కొట్టేయండి.

ఇక మీరు అడిగిన అతుకు సంగతి. ఇలాంటి కథలు ఎక్కువగా "కష్టం, ట్రస్టు వచ్చింది, కష్టం తీరింది" అనే దారిలో నడుస్తాయి. ఆ బిడ్డ ఇప్పుడు కేంద్రంలో హాయిగా గుడ్డు తింటున్నాడు. చూసేవాడి మనసు అక్కడ కుదుటపడిపోతుంది. సరిగ్గా అప్పుడే మనం డబ్బు అడుగుతాం. ఈమె కష్టం తీరిపోయింది కదా, ఇంకా నేనెందుకు ఇవ్వాలి? పైకి అనకపోయినా అతని ప్రశ్న అదే. మీకు అతికించినట్టు అనిపిస్తున్నది ఇందుకేనని నా అనుమానం. తీరిన కథకూ, తీరని అవసరానికీ మధ్య ఒక మెట్టు కావాలి.

మాకు ఆ మెట్టు ఆమె మాటల్లోనే దొరికింది, ఇంటర్వ్యూ నలభయ్యో నిమిషంలో. "మావాడు ఇక్కడ ఉంటన్నాడు సరే. నా పక్కన కూర్చునే ఆమె బిడ్డ ఇంకా ఆడే ఉంటన్నాడండీ. వాడు దగ్గుతంటే నాకు మావాడే గుర్తొస్తాడు." ఈ వాక్యంతో కథ ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు జరిగింది. ఇక అడగడం ఆ మాటకు కొనసాగింపే అవుతుంది. మీరు కూడా ఇంటర్వ్యూలో "మీలాంటివాళ్లు ఇంకెవరైనా తెలుసా?" అని తప్పకుండా అడగండి.

ఇక్కడే గణాంకాలు కుమ్మరించాలనిపిస్తుంది, జిల్లాలో ఇంతమంది పిల్లలు, రాష్ట్రంలో ఇంతమంది అని. 2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరికి తలా 5 డాలర్లు ఇచ్చి, అందులోంచి ఎంత దానం చేస్తారో చూశారు. మాలి దేశంలోని రోకియా అనే ఏడేళ్ల పాప కథ మాత్రమే చదివినవాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. కరువు గణాంకాలు మాత్రమే చూసినవాళ్లు 1.14 ఇచ్చారు. కథతో పాటు గణాంకాలు కూడా చూసినవాళ్లు ఇచ్చింది 1.43. అంకెలు కలిపితే కథ బలం పెరగలేదు, తగ్గింది. అందుకే మా ఫిల్ములో జిల్లా లెక్కలు లేవు. పది అన్న అంకె ఒక్కటే ఉంది, అదీ ఆయా రిజిస్టర్లో చేత్తో రాసిన పది వరసలుగా. షూటింగ్‌లో ఆ పేర్ల మీద కాగితం కప్పి, వరస నంబర్లు మాత్రమే కనపడనిచ్చాం.

స్క్రిప్ట్‌ను రెండు నిలువు వరసల్లో రాయండి, ఎడమవైపు కనపడేది, కుడివైపు వినపడేది. కుడివైపు నిండిపోయి ఎడమవైపు "ట్రస్టు కార్యక్రమాల దృశ్యాలు" అని ఉంటే, అది ఫిల్మ్ కాదు, బొమ్మలున్న ఉపన్యాసం. మా స్క్రిప్ట్ చివరికి ఇలా తేలింది. ఇక్కడ వరసలు కుదరవు కాబట్టి కిందకు రాస్తున్నాను.

0:00–0:20. కనపడేది: దగ్గరగా వేళ్లు, కాయ, తొడిమ విరగడం, మళ్లీ కాయ. వినపడేది: ఆ చిటుక్కుమనే చప్పుడు, దూరంగా ఎవరిదో దగ్గు. సంగీతం లేదు, ట్రస్టు పేరు లేదు.

0:20–1:05. కనపడేది: ఆమె మొహం. పనిచోట పక్కన ఖాళీ మూల, ఒక గుంజ. వినపడేది: ఆమె గొంతు. "ఆ గుంజకి చీర కట్టి ఉయ్యాల వేసేదాన్ని. పడుకుంటే దగ్గేవాడు, లేస్తే కళ్లు నులుముకునేవాడు. ఎత్తుకుందామంటే ఈ చేతులు."

1:05–1:45. కనపడేది: కేంద్రం గుమ్మం, సాయంత్రం. కుళాయి దగ్గర ఆయా ఆమె అరచేతుల్లో కొబ్బరినూనె పోస్తుంది. నూనె రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని లోపలికి వెళ్తుంది. వేళ్లతో బిడ్డ చెంప ముట్టుకుంటుంది. వినపడేది: నీళ్ల చప్పుడు, పిల్లల గొడవ. మాటల్లేవు.

1:45–2:10. కనపడేది: ఆమె, తర్వాత రిజిస్టర్లో పది వరసలు. వినపడేది: "నా పక్కన కూర్చునే ఆమె బిడ్డ ఇంకా ఆడే ఉంటన్నాడండీ."

2:10–2:45. కనపడేది: కేంద్రం నడిపే కార్యకర్త, కెమెరాలోకి సూటిగా చూస్తూ. తెర మీద అంకె. వినపడేది: "ఈ గదిలో ఇంకా పది మందికి చోటుంది. ఒక బిడ్డను ఫిబ్రవరి నుంచి మే దాకా చూసుకోవడానికి 8,800 రూపాయలు అవుతుంది. ఒక నెలకైతే 2,200. జనవరి 31 లోపు పంపితే, పని మొదలయ్యే రోజుకు ఇంకో బిడ్డ ఇక్కడ ఉంటాడు."

2:45–3:00. కనపడేది: తల్లీ బిడ్డా ఇంటికి నడిచి వెళ్లడం, మీద డబ్బు పంపే వివరాలు.

దీంట్లో రెండు నిర్ణయాల గురించి చెప్పాలి. ఖాళీ గుంజ ఎందుకంటే, మేం వెళ్లేసరికి బిడ్డ కేంద్రంలో ఉన్నాడు. షూటింగ్ కోసం వాణ్ని మళ్లీ ఆ ఘాటులో పడుకోబెట్టి "అప్పట్లో ఇలా ఉండేది" అని తీయమని కెమెరామన్ అడిగాడు. అది బిడ్డకు హాని, చూసేవాళ్లకు అబద్ధం. ఖాళీ చోటు చూపించి ఆమె గొంతు వినిపిస్తే చూసేవాళ్లు ఆ ఉయ్యాలను తామే ఊహించుకున్నారు.

రెండోది, డబ్బు అడిగింది ఆమె కాదు. ఆ మాట ఆమె నోట పెడితే, మీరు భయపడుతున్నట్టు, అది నిజంగా అడుక్కున్నట్టే ఉంటుంది. ఆమె తన జీవితం చెప్తుంది, పక్కామె గురించి బాధపడుతుంది. డబ్బు లెక్క చెప్పాల్సింది ఆ డబ్బుకు జవాబుదారీ అయిన మనిషి, అంటే సంస్థ మనిషి. గొంతులో జాలి లేకుండా, లెక్క ఒప్పజెప్పినట్టు మామూలుగా చెప్తే చాలు. మాతో మాట్లాడిన కార్యకర్తకు మొదట చేతులు జోడించి నిలబడాలనిపించింది. ఒక చేత్తో రిజిస్టర్ పట్టుకోమన్నాం, మాట దానంతట అదే సర్దుకుంది.

డబ్బు పంపే వివరాల దగ్గర చాలామంది ఒక చిన్న విషయం మర్చిపోతారు. తెర మీద క్యూఆర్ కోడ్ పెడతాం, కానీ వాట్సాప్‌లో వచ్చిన వీడియోను ఫోన్లో చూసేవాడు అదే ఫోన్‌తో దాన్ని నేరుగా స్కాన్ చేయలేడు. హాల్లో పెద్ద తెర మీద వేసేటప్పుడు క్యూఆర్ పనికొస్తుంది. ఫోన్లలో పంచే కాపీకి వీడియో కింద లింకు, యూపీఐ ఐడీ తప్పనిసరి. చాలామంది చప్పుడు తీసేసి చూస్తారు, కాబట్టి 8,800 అన్న అంకె వినపడటంతో పాటు కనీసం ఎనిమిది సెకన్లు తెర మీద నిలవాలి.

పన్ను సంగతులు ఫిల్ములో చెప్పకండి, కింద రాయండి. దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జి గుర్తింపు ట్రస్టుకు ఉంటే ఉందని రాస్తూ, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదనీ, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలు వర్తించదనీ కూడా చెప్పండి. మన ఊళ్లలో ఇంటికొకరు అమెరికాలో ఉంటారు కాబట్టి ఫిల్మ్ తప్పకుండా అక్కడికి వెళ్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. పాస్‌పోర్టు అమెరికాదైతే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. మీ ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే తీసుకోకూడదు. ఆ మాట వివరాల్లో ముందే స్పష్టంగా పెట్టండి, వచ్చిన డబ్బు వెనక్కి పంపడం పెద్ద తలనొప్పి.

మీ ట్రస్టు పిల్లల హోమ్ లాంటిది నడుపుతుంటే ఇంకో సంగతి. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, మొహం, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తోంది. అప్పుడు కథ ఆయా వైపు నుంచో, పెద్దయిపోయి ఇష్టపూర్వకంగా మాట్లాడే పూర్వ విద్యార్థి వైపు నుంచో రాయండి.

రఫ్ కట్, అంటే ఫిల్మ్ మొదటి కూర్పు, అయ్యాక ట్రస్టుతో సంబంధం లేని ఐదుగురికి చూపించండి. బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు. పది నిమిషాలు వేరే మాటలు మాట్లాడి, "ఎంత అడిగారు, దేనికి?" అని అడగండి. మా మొదటి కూర్పులో ఐదుగురిలో ఇద్దరే అంకె చెప్పగలిగారు. అప్పుడు దాని వెనక సంగీతం గట్టిగా ఉంది, తెర మీద ట్రస్టు లోగో, మూడు ఫోన్ నంబర్లు, చిరునామా కూడా ఉన్నాయి. అవన్నీ తీసేసి అంకె ఒక్కటే ఉంచాక నలుగురు చెప్పారు.

ఆ తర్వాత, ఎవరికీ పంపకముందు, ఆమెకు చూపించండి. సంతకం పెట్టించుకున్న కాగితం దీనికి బదులు కాదు. సంతకం పెట్టిన రోజు ఆమెకు ఫిల్మ్ ఎలా ఉంటుందో తెలియదు. మేం వాళ్లింట్లోనే ఫోన్లో చూపించాం. భర్త తాగుడు గురించి ఆమె చెప్పిన ఒక వాక్యం అప్పటికి కూర్పులో ఉంది. కేంద్రానికీ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు, అయినా అంత బలమైన మాట వదులుకోలేక ఉంచేశాను. చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మావాడు పెద్దయ్యాక ఇది చూస్తాడు కదండీ" అంది. ఆ వాక్యం తీసేశాం. అది ఉన్న చోట కుళాయి దగ్గర నూనె రుద్దుకునే షాట్‌ను ఇంకో ఆరు సెకన్లు ఉంచాం.